తెర మీద 214, కొన్నది 218కి

వనస్థలిపురంలో ఉండే మా బాబాయ్ ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీ ఉన్న ఒక చిన్న కంపెనీ షేర్లు 500 కొన్నాడట. యాప్‌లో ధర 214 అని ఉంది కాబట్టి లక్షా ఏడు వేలు అవుతుందని కాగితం మీద లెక్క వేసుకున్నాడు. ఆర్డర్ పెట్టి చూస్తే లక్షా తొమ్మిది వేలు పోయింది.

"ఏంరా, రెండొందల పద్నాలుగనే కదా చూపించింది, రెండొందల పద్దెనిమిది ఎట్ల పడింది? మధ్యలో రెండు వేలు ఎవరు తిన్నరు?"

మార్కెట్ ఆర్డర్ పెట్టావా అని అడిగాను. "కొను అంటే కొన్నా. దాంట్లో మార్కెట్ అనే ఉంది, నేనేం మార్చలే" అన్నాడు. ఆ రెండు వేల సంగతి తెలియాలంటే ముందు ఆ 214 అనే అంకె ఏమిటో తెలియాలి. కొత్తగా షేర్లు కొనేవాళ్లలో చాలామంది దాన్ని షేరు ధర అనుకుంటారు. అసలు పొరపాటు అక్కడే మొదలవుతుంది.

మన దగ్గర ప్లాట్లు కొనేవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఆదిబట్ల వైపు ఒక వెంచర్‌లో పక్క ప్లాటు గజం ఇరవై వేలకు పోయిందని విన్నారనుకోండి. మీరు వెళ్లి అదే ఇరవై వేలకు ఇమ్మంటే ఎవరైనా ఇస్తారా? అది అయిపోయిన బేరం. ఇప్పుడు అమ్మదలచినాయన ఇరవై రెండు చెబుతాడు. కొనడానికి వచ్చినాయన పంతొమ్మిది దగ్గర నిలబడతాడు. ఆ ఇరవై వేలు ఇద్దరిలో ఎవరి మాటా కాదు. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే ధర కూడా అలాంటిదే. దాన్ని ఎల్‌టీపీ అంటారు, అంటే చివరి బేరం తెగిన ధర. రోజంతా వేల మంది కొని అమ్మే షేరులో ఆ బేరం అర సెకను కిందటిది అయి ఉంటుంది. బాబాయ్ కొన్న లాంటి షేరులో అది ఇరవై నిమిషాల కిందటిది కూడా కావచ్చు.

ఇప్పుడు, ఈ నిమిషంలో ఎవరు ఎంతకు సిద్ధంగా ఉన్నారో తెలియాలంటే అదే యాప్‌లో ఇంకొంచెం కిందికి జరిపి మార్కెట్ డెప్త్ చూడాలి. కొనేవాళ్లు ఇస్తామన్న ధరల్లో పై ఐదు, అమ్మేవాళ్లు అడుగుతున్న ధరల్లో కింది ఐదు, ఒక్కో ధర దగ్గర ఎన్ని షేర్లున్నాయో అందులో కనిపిస్తుంది. కొనేవాళ్లలో అందరికంటే ఎక్కువ ఇస్తానన్న ధర బిడ్. అమ్మేవాళ్లలో అందరికంటే తక్కువ అడుగుతున్న ధర ఆస్క్, కొన్ని యాప్‌లలో దాన్నే ఆఫర్ అంటారు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీనే స్ప్రెడ్.

బాబాయ్ ఆర్డర్ పెట్టే ముందు ఆ పట్టిక ఇలా ఉంది:

| కొనేవాళ్లు: షేర్లు | ఇస్తామన్న ధర | అడుగుతున్న ధర | అమ్మేవాళ్లు: షేర్లు |
|---|---|---|---|
| 120 | 209.50 | 214.00 | 60 |
| 300 | 209.00 | 215.50 | 140 |
| 75 | 208.10 | 217.90 | 100 |
| 500 | 207.00 | 221.00 | 250 |
| 1,000 | 205.00 | 224.00 | 400 |

స్ప్రెడ్ నాలుగున్నర రూపాయలు, అంటే ధరలో రెండు శాతం పైమాటే. ఇంకో సంగతి చూడండి. 214కి అమ్ముతామన్న షేర్లు ఉన్నవే 60. బాబాయ్‌కి కావలసినవి 500.

మార్కెట్ ఆర్డర్ అంటే "ధర ఎంతైనా సరే, నాకు ఇన్ని షేర్లు ఇప్పుడే కావాలి" అని ఎక్స్ఛేంజ్ కంప్యూటర్‌కు చెప్పడం. అది చెప్పినట్టే చేసింది. 214కి ఉన్న 60 తీసుకుంది, 12,840 రూపాయలు. ఆ వరస ఖాళీ కాగానే కిందికి దిగి 215.50కి 140 తీసుకుంది, 30,170. తర్వాత 217.90కి 100, అవి 21,790. ఇంకా 200 తక్కువ పడ్డాయి, వాటిని 221కి తీసుకుంది, 44,200. అన్నీ కలిపితే సరిగ్గా 1,09,000. సగటున షేరు 218. ఇదంతా రెప్పపాటులో అయిపోయింది కాబట్టి బాబాయ్‌కి ఒకే కొనుగోలులా కనిపించింది. బ్రోకరు పంపే బిల్లు లాంటి కాంట్రాక్ట్ నోట్‌లో మాత్రం నాలుగు ధరలూ విడివిడిగా ఉన్నాయి.

కాబట్టి ఆ రెండు వేలు ఎవరూ దొంగిలించలేదు. తక్కువ షేర్లున్న వరసలను ఒకదాని తర్వాత ఒకటి ఊడ్చుకుంటూ పోయినందుకు అయిన ఖర్చు అది. దీన్ని ఇంపాక్ట్ కాస్ట్ అంటారు. లెక్క కట్టేటప్పుడు బిడ్‌కీ ఆస్క్‌కీ సరిగ్గా మధ్య ధరను న్యాయమైన ధరగా తీసుకుంటారు. ఇక్కడ అది 211.75. బాబాయ్ కట్టింది 218. అంటే దాదాపు మూడు శాతం ఎక్కువ. ఇదే కొనుగోలు మీద ప్రభుత్వం తీసుకునే ఎస్‌టీటీ అనే పన్ను 0.1 శాతం, అంటే 109 రూపాయలు. బ్రోకరేజీ ఎక్కడ పది రూపాయలు తక్కువ అని మనవాళ్లు నాలుగు కంపెనీలను పోల్చి చూస్తారు. ఏ బిల్లులోనూ కనపడని ఈ ఖర్చును మాత్రం అడిగేవాళ్లే ఉండరు. నాకు బాధ కలిగించేది అదే.

ఇక్కడ ఇంకో తమాషా జరిగింది. బాబాయ్ కోపంగా ఫోన్ చేసిన సమయానికి ఆయన ఖాతాలో ఆ షేర్లు 1,500 రూపాయల లాభంలో, పచ్చ రంగులో కనిపిస్తున్నాయి. ఎందుకంటే ఆయన కొన్న చివరి 200 షేర్లు 221కి తెగాయి. అంటే ఎల్‌టీపీ ఇప్పుడు 221. యాప్ 500ను 221తో గుణించి, అందులోంచి ఆయన పెట్టిన 1,09,000 తీసేసి లాభం అని చూపించింది. ధరను 221కి తీసుకుపోయింది స్వయంగా ఆయన ఆర్డరే.

నిజంగా ఆ నిమిషంలో అమ్మేస్తే ఎంత వచ్చేది? ఎడమవైపు చూడాలి. 120 షేర్లు 209.50కి, 300 షేర్లు 209కి, 75 షేర్లు 208.10కి, మిగిలిన ఐదు 207కి పోతాయి. చేతికి వచ్చేది 1,04,482 రూపాయల 50 పైసలు. తెర మీద లాభం పదిహేను వందలు, అమ్మితే నష్టం నాలుగున్నర వేలు. ఆ తర్వాత ఎవరో ఒకాయన తన పది షేర్లను 209.50కి అమ్ముకున్నాడు. వెంటనే బాబాయ్ ఖాతా నాలుగు వేలకు పైగా నష్టంతో ఎర్రబడింది. కంపెనీలో ఏమీ జరగలేదు, ఏ వార్తా రాలేదు. చివరి బేరం అమ్మేవాళ్ల వైపు నుంచి కొనేవాళ్ల వైపుకు మారింది, అంతే. చిన్న షేర్లలో ఎల్‌టీపీ ఇలా బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య బంతిలా ఎగురుతూ ఉంటుంది. దాన్ని చూసి షేరు రెండు శాతం పడిందని కంగారు పడేవాళ్లు చాలామంది.

అసలు ఈ స్ప్రెడ్ ఎందుకుంటుంది? బిడ్ పెట్టి కూర్చున్నవాడి వైపు నుంచి ఆలోచిస్తే అర్థమవుతుంది. 209కి 300 షేర్లు కొంటానని ఒకాయన ఆర్డర్ పెట్టి తన పనికి వెళ్లిపోయాడు. ఈలోగా కంపెనీ గురించి ఏదైనా చెడ్డ వార్త బయటికి వస్తే, ముందుగా తెలిసినవాడు తన షేర్లు తెచ్చి ఈయన నెత్తిన పోస్తాడు. తన మాట అందరి ముందూ పెట్టి ఉంచినందుకు ఆయన మోస్తున్న రిస్కు అది. అందుకే కొంచెం దూరంగా, కొంచెం తక్కువకు పెడతాడు. అమ్మేవాళ్లూ అంతే, కొంచెం పైకి పెడతారు. కంప్యూటర్లు రాకముందు బొంబాయి ఎక్స్ఛేంజ్ రింగులో జాబర్లు రెండు ధరలు చెప్పి, ఆ రెంటి మధ్య తేడా మీద బతికేవారు. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్, అంటే ఎన్‌ఎస్‌ఈలో షేర్ల వ్యాపారం తెర మీద మొదలయ్యాక ఆ పని ఎవరైనా చేయవచ్చు. ఎంత ఎక్కువ మంది పోటీ పడి ధరలు పెడితే ఖాళీ అంత సన్నబడుతుంది. జనం లేని షేరులో వెడల్పుగానే ఉండిపోతుంది.

పెద్ద షేర్లలో ఈ గొడవ దాదాపు లేదు. నిఫ్టీ 50లోకి ఒక కంపెనీని తీసుకునే ముందు దాని ఇంపాక్ట్ కాస్ట్ కూడా చూస్తారు. పది కోట్ల రూపాయల బుట్టకు లెక్క కట్టినప్పుడు, గత ఆరు నెలల్లో చూసినవాటిలో 90 శాతం సందర్భాల్లో అది సగటున అర శాతం దాటకూడదు. బాబాయ్‌కి లక్ష రూపాయలకే మూడు శాతం అయింది. పదిహేను వందల రూపాయలుండే ఒక పెద్ద బ్యాంకు షేరులో స్ప్రెడ్ పది ఇరవై పైసలు ఉంటుంది, ఒక్కో వరసలో వందల షేర్లు ఉంటాయి. అందులో పది షేర్లు మార్కెట్ ఆర్డర్‌తో కొంటే ఒకటో రెండో రూపాయలు పోతాయి. దాని కోసం ధరకు లిమిట్ పెట్టి గంటల తరబడి ఎదురుచూడటం అనవసరం. నా మటుకు నేను అలాంటి షేరు మామూలు రోజున, మార్కెట్ నడుస్తున్నప్పుడు, తక్కువ మొత్తానికి అయితే మార్కెట్ ఆర్డర్‌తోనే కొంటాను.

అయితే పెద్ద షేర్లకూ అడుగు ఉంటుంది. 2012 అక్టోబర్ 5న ఒక బ్రోకరేజీ కంపెనీ నుంచి పొరపాటున 59 అమ్మకం ఆర్డర్లు ఎన్‌ఎస్‌ఈలోకి వెళ్లాయి. తెగిన బేరాల విలువ 650 కోట్లకు పైనే. అవి బిడ్ వరసలను ఒక్కొక్కటిగా మింగేస్తూ పోతే నిఫ్టీ కాసేపట్లోనే 15 శాతం పైగా పడిపోయింది, ట్రేడింగ్ ఆపాల్సి వచ్చింది. జరిగింది బాబాయ్ కథే. దిశ వేరు, అంకెలు పెద్దవి.

ఇక లిమిట్ ఆర్డర్. "ఇంతకంటే ఎక్కువ ఇవ్వను" అని కొనేవాడు పెట్టే గీత అది. అమ్మేటప్పుడైతే "ఇంతకంటే తక్కువకు ఇవ్వను". ఇది వినగానే చాలామంది లిమిట్ అంటే ధర పడేదాకా ఎదురుచూసే ఆర్డర్ అనుకుంటారు. గీతను ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి అది మూడు రకాలుగా పని చేస్తుంది. పైన ఉన్న పట్టికతోనే చూద్దాం.

బాబాయ్ 215.50కి 500 షేర్లకు లిమిట్ పెట్టి ఉంటే, 214కి ఉన్న 60, 215.50కి ఉన్న 140 వెంటనే వచ్చేవి. మొదటి 60కి ఆయన కట్టేది 214 మాత్రమే. గీత 215.50 దగ్గర పెట్టినంత మాత్రాన తక్కువకు దొరికేవాటికి ఎక్కువ వసూలు చేయరు. 200 షేర్లు సగటున 215.05 పడేవి. మిగిలిన 300కు కొనుగోలు ఆర్డర్ 215.50 దగ్గర, కొనేవాళ్ల వరసలో మొదటిదిగా నిలబడేది. 217.90 అడుగుతున్నవాడు దాన్ని చూసి దిగి రావచ్చు, రాకపోవచ్చు. ఏదేమైనా 221కి మాత్రం కొనడం ఉండదు. ఇది మార్కెట్ ఆర్డర్‌లాంటిదే, కాకపోతే దీనికి పైకప్పు ఉంది. చిన్న షేరు తొందరగా కావాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఈ పద్ధతే.

రెండోది ఖాళీ మధ్యలో పెట్టడం, ఉదాహరణకు 212. అప్పుడు వెంటనే ఒక్క షేరూ రాదు, ఎందుకంటే అంతకు అమ్మేవాడు లేడు. కానీ 209.50 వాడికంటే మీరు ముందుంటారు. అమ్మాలని తొందరపడి మార్కెట్ ఆర్డర్ పెట్టినవాడి షేర్లు మొదట మీకే వస్తాయి. ఎక్స్ఛేంజ్ నియమం సూటిగా ఉంటుంది: మంచి ధర ఇచ్చినవాడు ముందు, ఒకే ధర అయితే ముందు వచ్చినవాడు ముందు. మూడోది బిడ్ దగ్గరో దాని కిందో పెట్టడం. 209కి పెడితే అప్పటికే ఉన్న 120, 300 అయ్యాక గానీ మీ వంతు రాదు.

లిమిట్‌కు కూడా ఖర్చుంది. అది కనపడదు. పది పైసల దగ్గర పట్టుబట్టి కొనకుండా ఉండిపోతే, షేరు పెరిగిపోయాక ఆ పది పైసల ఆదాకు అర్థం ఉండదు. కొంత భాగమే దొరికితే మర్నాడు మళ్లీ ఆర్డర్ పెట్టాలి. ఆర్డర్‌కు ఇంత అని బ్రోకరేజీ తీసుకునే చోట రెండుసార్లు కట్టాలి. వీటన్నిటికంటే లోతైనది ఇంకొకటి. పెట్టి మరచిపోయిన లిమిట్ ఆర్డర్ ఎప్పుడు నెరవేరుతుంది? ధర మీ దగ్గరికి దిగి వచ్చినప్పుడు. మంచి వార్త వస్తే షేరు మిమ్మల్ని వదిలి పైకి పోతుంది, ఆర్డర్ అలాగే ఉండిపోతుంది. మధ్యాహ్నం కంపెనీ ఫలితాలు చెడ్డగా వస్తే మాత్రం మీరు అడిగిన 500 షేర్లూ క్షణంలో వచ్చి పడతాయి, ధర మిమ్మల్ని దాటి ఇంకా కిందికి పోతుంది. అందుకే ఫలితాలు వచ్చే రోజున లిమిట్ ఆర్డర్ పెట్టి పనికి వెళ్లిపోవడం మంచిది కాదు. ఉంటే దగ్గరుండి చూసుకోవాలి, లేకపోతే రద్దు చేయాలి.

మార్కెట్ ఆర్డర్‌కు చెడ్డ సమయాలు కొన్ని ఉన్నాయి. మార్కెట్ 9:15కి తెరుచుకున్న మొదటి పది పదిహేను నిమిషాలు చిన్న షేర్లలో స్ప్రెడ్ బాగా వెడల్పుగా ఉంటుంది. ఎవరికీ ఆ రోజు ధర మీద ఇంకా నమ్మకం కుదిరి ఉండదు. రాత్రి భోజనం చేసి, తీరిక దొరికిందని మర్నాటికి మార్కెట్ ఆర్డర్ పెట్టి పడుకోవడం ఇంకా ప్రమాదం. పొద్దున ఏ ధరకు తెరుచుకుంటే ఆ ధరకు కొనడానికి ముందే సంతకం పెట్టినట్టు అది. మర్నాటికి పెట్టాలంటే లిమిట్‌తోనే పెట్టండి. షేరు అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు పెరగగల గరిష్ఠ హద్దు తాకిన రోజున పట్టికలో కుడివైపు మొత్తం ఖాళీగా కనిపిస్తుంది, అమ్మేవాడే ఉండడు. అప్పుడు మార్కెట్ ఆర్డర్ పెట్టినా షేర్లు రావు, వరసలో నిలబడాల్సిందే.

ఆ ఆదివారం వనస్థలిపురం వెళ్లి బాబాయ్‌తో కూర్చుని ఇదంతా ఆయన కాంట్రాక్ట్ నోట్ ముందు పెట్టుకుని చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు లెక్కల్లో పని చేసిన మనిషి. నాలుగు వరసలనూ తనే గుణించి, కూడి, 1,09,000 వచ్చాక గానీ ఒప్పుకోలేదు. "మరి కొనేటప్పుడే ఇది చూపియ్యొచ్చు కదా" అన్నాడు. చూపిస్తుంది, కాకపోతే కిందికి జరపాలి. ఎవరూ జరపరు.

రెండు వారాల తర్వాత అదే కంపెనీవి ఇంకో 300 కొనాలనుకున్నాడు. ఈసారి బిడ్ 208.40, ఆస్క్ 212.80. పది గంటలు దాటాక 210కి లిమిట్ పెట్టాడు. పన్నెండు లోపు 110 షేర్లు వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయింది. పట్టిక చూస్తే ఆయన పైన కొత్త వరస వచ్చింది: 210.01. ఎన్‌ఎస్‌ఈలో 2024 జూన్ నుంచి 250 రూపాయల లోపు షేర్లకు ఒక్క పైసా తేడాతో కూడా ధర పెట్టవచ్చు, అంతకుముందు కనీసం ఐదు పైసలు ఉండేది. బాబాయ్‌కి చాలా కోపం వచ్చింది. "ఒక్క పైసా ఎక్కువిచ్చి నా ముందు నిలబడ్డడు చూడు" అని నాకు స్క్రీన్‌షాట్ పంపాడు.

మూడున్నరకు మార్కెట్ మూసేసరికి మిగిలిన 190 షేర్ల ఆర్డర్ దానంతటదే రద్దయింది, అది ఆ రోజు వరకే చెల్లుతుంది. మర్నాడు ఆయన 210.50కి పెట్టాడు. పదకొండున్నర లోపు అన్నీ వచ్చేశాయి. 300 షేర్లకు 63,095 రూపాయలు, సగటున 210.32. ఫోన్ చేసి చెప్పేటప్పుడు ఆ 32 పైసలు కూడా వదలకుండా చెప్పాడు.